మిల్లులో వాటా కొనేముందు ఎబిటా లెక్క సరిచూసుకోవడం ఎలా?

మండపేట వైపో తణుకు వైపో నడుస్తున్న బియ్యం మిల్లులో పావలా వాటా అమ్మకానికి వస్తుంది. అమ్మేవారు ఒక కాగితం మీద లెక్క రాసిస్తారు. "ఏడాదికి ఎబిటా 1.42 కోట్లు. దానికి ఐదు రెట్లు వేస్తే మిల్లు విలువ 7.10 కోట్లు. అందులో పావు వంతు, అంటే 1.77 కోట్లు మీరు పెట్టాలి." దీన్ని నమ్మవచ్చా, ఎబిటా అంటే లాభమేనా అని చాలామంది అడుగుతున్నారు. ఆ కాగితాన్ని మీరే సరిచూసుకోవడం ఎలాగో ఇక్కడ వరసగా ఉంది. ఉదాహరణలోని మిల్లు లెక్క కోసం ఊహించుకున్నది. అంకెలు మారతాయి గానీ పద్ధతి ఏ మిల్లుకైనా ఇదే.

వడ్డీ, ఆదాయపు పన్ను, యంత్రాల తరుగుదల, అమార్టైజేషన్ తీసేయకముందు వ్యాపారంలో మిగిలినదే ఎబిటా. గుడ్‌విల్, సాఫ్ట్‌వేర్ లాంటి చేతికి తగలని ఆస్తుల ఖరీదును ఏళ్ల మీద పంచి రాసేదాన్ని అమార్టైజేషన్ అంటారు. మిల్లుల్లో అది దాదాపు ఉండదు కాబట్టి ఇక్కడ దాన్ని పక్కన పెట్టేయవచ్చు.

ముందుగా తెప్పించుకోవలసినవి

- మూడేళ్ల లాభనష్టాల ఖాతా, బ్యాలెన్స్ షీట్, వాటి వెనక ఉండే షెడ్యూళ్లన్నీ. మొదటి రెండు పేజీలే ఇస్తే చాలవు.
- స్థిరాస్తుల షెడ్యూలు. ఏ ఏడాది ఏ యంత్రం కొన్నారో, ఎంత తరుగుదల రాశారో అందులో ఉంటుంది.
- సీసీ అనే క్యాష్ క్రెడిట్ ఖాతా స్టేట్‌మెంటు, బ్యాంకుకు నెలనెలా ఇచ్చిన స్టాకు స్టేట్‌మెంట్లు.
- పన్నెండు నెలల కరెంటు బిల్లులు, జీఎస్‌టీ రిటర్నులు.
- భాగస్వామ్య ఒప్పందం.

"ఆడిటర్ దగ్గర ఉన్నాయి, తర్వాత ఇస్తాం" అంటే, అవి చేతికొచ్చేదాకా ధర గురించి మాట్లాడకండి.

1. పైనుంచి కిందికి లెక్క వేయండి

అమ్మకాలతో మొదలుపెట్టి ఖర్చులు ఒక్కొక్కటే తీసేస్తూ రండి. మన మిల్లులో బియ్యం, తవుడు, నూకలు, ఊక అమ్మితే 2,340 లక్షలు వచ్చాయి. పౌర సరఫరాల సంస్థకు మర పట్టిన కూలి 60 లక్షలు. మొత్తం 2,400 లక్షలు.

ఖర్చులు, లక్షల్లో:

- వాడిన ధాన్యం (నిల్వల తేడా సర్దిన తర్వాత): 2,010
- గోనె సంచులు, ప్యాకింగు: 45
- కరెంటు: 62
- జీతాలు, కూలీలు: 58
- మరమ్మతులు, రబ్బరు రోల్స్: 24
- రవాణా, హమాలీ: 48
- గోడౌను అద్దె: 12
- ఇతర ఖర్చులు: 21

మొత్తం 2,280. మిగిలినది 120 లక్షలు. ఇదే ఈ మిల్లు ఎబిటా. బ్యాంకు వడ్డీ 46 లక్షలు, భాగస్థుల పెట్టుబడి మీద వడ్డీ 12 లక్షలు, తరుగుదల 38 లక్షలు, పన్ను 14 లక్షలు ఇంకా తీయలేదు. భాగస్థుల పెట్టుబడి మీద వడ్డీని తీయకపోవడం సరైనదే. ఆ సొమ్మును బ్యాంకు పెట్టినా భాగస్థులు పెట్టినా మర ఆడే తీరు మారదు.

2. అమ్మేవారి అంకె మీ అంకెతో ఎందుకు కలవలేదో చూడండి

వారి కాగితంలో 142 ఉంది, మీకు 120 వచ్చింది. వారు కిందినుంచి పైకి వెళ్లారు. నికర లాభం 32, దానికి పన్ను 14, బ్యాంకు వడ్డీ 46, పెట్టుబడి వడ్డీ 12, తరుగుదల 38 కలిపితే 142. కూడిక తప్పు కాదు. అయితే నికర లాభంలో "ఇతర ఆదాయం" 22 లక్షలు ముందే కలిసి ఉంది. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద వచ్చిన వడ్డీ 7 లక్షలు, అంతకుముందు ఏడాది తుఫానులో తడిసిన నిల్వలకు బీమా కంపెనీ ఇచ్చిన 15 లక్షలు కలిపి ఆ 22. ఈ రెండూ మర ఆడిస్తే వచ్చినవి కావు. బీమా సొమ్ము మళ్లీ వచ్చే ఏడాది రాదు. ఐదు రెట్లు కట్టే లెక్కలో ఆ 15 లక్షలకు మిల్లు విలువ 75 లక్షలు పెరిగినట్టవుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. సరుకు తడిసిన నష్టమూ బీమా సొమ్మూ ఒకే ఏడాది లెక్కలో ఉంటే రెండిటినీ కలిపి తీసేయాలి. ఒక్క బీమా సొమ్మునే తీసేస్తే అమ్మేవారికి అన్యాయం జరుగుతుంది. మన ఉదాహరణలో నష్టం గత ఏడాది లెక్కలోకి వెళ్లిపోయింది కాబట్టి ఈ ఏడాది బీమా సొమ్మును మాత్రమే తీసేశాం.

ఎప్పుడూ రెండు వైపులా లెక్క కట్టండి. పైనుంచి వచ్చినదానికి ఇతర ఆదాయం కలిపితే కిందినుంచి వచ్చినది రావాలి: 120 + 22 = 142. కలవకపోతే ఏదో ఒక పద్దు రెండు చోట్ల పడింది, లేదా ఒక షెడ్యూలు మీ చేతికి రాలేదు.

3. ఈ అంకె దేనికి పనికొస్తుందో అంతవరకే వాడండి

విశ్లేషకులకు ఎబిటా నచ్చడానికి తగిన కారణమే ఉంది. పక్క ఊళ్లో ఇంతే సామర్థ్యమున్న మిల్లు ఇంకొకటి ఉందనుకోండి. అది నిరుడే కట్టింది. టర్మ్ లోను పెద్దది, వడ్డీ 95 లక్షలు, తరుగుదల 80 లక్షలు. దాని ఎబిటా 130 లక్షలు, కానీ పుస్తకాల్లో 45 లక్షల నష్టం కనిపిస్తుంది. నికర లాభం ఒక్కటే చూస్తే మన పాత మిల్లు బంగారం, కొత్తది దండగ. అసలు ధాన్యం కొని, ఆడించి, అమ్మే పని కొత్త మిల్లులోనే కాస్త బాగా జరుగుతోంది. తేడా అంతా ఎవరు ఎంత అప్పు తెచ్చారు, యంత్రాలు ఎప్పుడు కొన్నారు అన్నదాంట్లో ఉంది. తరుగుదల రాసే పద్ధతి కూడా మిల్లుకొక రకంగా ఉంటుంది. భాగస్వామ్య సంస్థలు మామూలుగా ఆదాయపు పన్ను రేటు ప్రకారం, యంత్రాలకు ఏటా మిగిలిన విలువ మీద 15 శాతం రాస్తాయి. దాంతో కొత్త యంత్రం మొదటి ఏళ్లలో లాభాన్ని బాగా తినేస్తుంది. కంపెనీ అయితే అదే ఖరీదును ఏళ్ల మీద సమానంగా పంచవచ్చు. పన్ను రేటు కూడా సంస్థకొకటి, కంపెనీకొకటి. ఈ తేడాలన్నీ పక్కకు తీసి రెండు మరలను పక్కపక్కన నిలబెట్టి చూడటానికి ఎబిటా చక్కగా పనికొస్తుంది.

ఈ కొలమానానికి పేరు తెచ్చినవారిలో అమెరికాలో టీసీఐ అనే కేబుల్ టీవీ సంస్థను నడిపిన జాన్ మలోన్ ఒకరు. ఊరూరా తీగలు వేయడానికి తెచ్చిన అప్పు మీద వడ్డీ, ఆ తీగల తరుగుదల పోగా పుస్తకాల్లో లాభం మిగిలేది కాదు. చందాల రూపంలో డబ్బు మాత్రం నెలనెలా వచ్చేది. ఆ రాబడితో అప్పు తీరుతుందని అప్పిచ్చేవారికి చూపడానికి ఎబిటా ఉపయోగపడింది. 1980లలో అప్పు తెచ్చి కంపెనీలను కొనేవారు కూడా దీన్ని అందిపుచ్చుకున్నారు. అంటే పోల్చడానికి, వడ్డీ కట్టే తాహతు చూడటానికి పుట్టిన కొలత ఇది. మీ జేబులోకి ఎంత వస్తుందో ఇది చెప్పదు. ఇకమీది మెట్లు దానికోసమే.

4. మరమ్మతుల ఖర్చు ఆస్తుల్లోకి జారిందేమో వెతకండి

లాభనష్టాల ఖాతాలో మరమ్మతుల పద్దును మూడేళ్లు పక్కపక్కన రాయండి. మన మిల్లులో 37, 38, 24 అని వచ్చింది. మర ఆడిన ధాన్యం తగ్గలేదు. రబ్బరు రోల్స్ అరుగుతూనే ఉంటాయి, జల్లెడలు చిరుగుతూనే ఉంటాయి, ఎలివేటర్ బెల్టులు, బకెట్లు మారుస్తూనే ఉండాలి. ఖర్చు ఒక్కసారిగా 14 లక్షలు ఎలా తగ్గింది?

స్థిరాస్తుల షెడ్యూలు తీసి ఆ ఏడాది "చేర్పులు" చూడండి. అక్కడ "యంత్రాలు – విడిభాగాలు 14 లక్షలు" అని ఉంటుంది. ఖర్చుగా రాయవలసినదాన్ని ఆస్తిగా రాశారు. ఆస్తి అయ్యాక అది తరుగుదల రూపంలోనే బయటికి వస్తుంది. తరుగుదలను ఎబిటా లెక్కలోకి తీసుకోదు కాబట్టి ఆ 14 లక్షలు ఎక్కడా తగలకుండా మాయమవుతాయి. బిల్లులు అడిగి చూడండి. ఏడాదిలోపు అరిగిపోయే వస్తువులైతే ఖర్చులోకి తెచ్చేయండి: 120 – 14 = 106.

ఇదే పని పెద్ద ఎత్తున చేసి పట్టుబడిన అమెరికా టెలిఫోన్ కంపెనీ వరల్డ్‌కామ్. ఇతర టెలిఫోన్ సంస్థల లైన్లు వాడుకున్నందుకు కట్టే రుసుములు రోజువారీ ఖర్చు. వాటిని ఆస్తులుగా రాసి ఎబిటాను ఉబ్బించారు. 2002 జూన్‌లో బయటపడినప్పుడు మొదట తేలిన మొత్తమే 380 కోట్ల డాలర్లు. మీరు వెతుకుతున్నది కూడా ఆ రకమైన జారుడే.

అలాగని ప్రతి చేర్పునూ అనుమానించకండి. రంగు మారిన గింజల్ని ఏరే సార్టెక్స్ యంత్రం కొత్తది కొంటే అది ఆస్తే. పాత బాయిలర్ ట్యూబులన్నీ మార్చి దాని ఆయుష్షు పదేళ్లు పెంచితే అదీ ఆస్తిగా రాయవచ్చు. పెట్టిన డబ్బు ఎన్నేళ్లు పనిచేస్తుంది అన్నదే ఇక్కడ చూడాల్సింది.

5. ముగింపు నిల్వ నిజమో కాదో తేల్చుకోండి

బియ్యం మిల్లులో ఎబిటాను పెంచడానికి అన్నిటికన్నా సులువైన దారి ఇదే. అందుకే ఈ మెట్టు దగ్గర ఎక్కువసేపు కూర్చోండి.

వాడిన ధాన్యం ఖర్చు అంటే మొదటి నిల్వ, దానికి కొనుగోళ్లు కలిపి, ముగింపు నిల్వ తీసేసినది. మార్చి 31న గోడౌన్లో ఎంత ఉందని రాస్తే ఖర్చు అంత తగ్గుతుంది. 2024-25లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. మన దగ్గర బస్తా 75 కిలోలు కాబట్టి బస్తా 1,725 పడుతుంది. లేని వెయ్యి బస్తాలు ఉన్నాయని రాస్తే ఎబిటా 17.25 లక్షలు పెరుగుతుంది. ఐదు రెట్ల లెక్కలో అది 86 లక్షల ధర. గోడౌన్లో వెయ్యి బస్తాలు ఎక్కువో తక్కువో గుమ్మంలో నిలబడి చూస్తే తెలియదు.

మూడు విధాలుగా సరిచూడండి.

మొదటిది, మార్చి నెలకు బ్యాంకుకు ఇచ్చిన స్టాకు స్టేట్‌మెంటును బ్యాలెన్స్ షీటులోని నిల్వ పక్కన పెట్టండి. రెండూ ఒక్కటే కావాలి. బ్యాంకుకు ఎక్కువ చూపి పుస్తకాల్లో తక్కువ రాస్తే సీసీ పరిమితి కోసం పెంచారన్నమాట. పుస్తకాల్లోనే ఎక్కువ ఉంటే లాభం కోసం పెంచారు. రెండిట్లో ఏదైనా మీకు మంచిది కాదు.

రెండోది దిగుబడి. ప్రభుత్వానికి మర పట్టి ఇచ్చేటప్పుడు క్వింటాలు ధాన్యానికి పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు ఇవ్వాలి. మిల్లు సొంత ధాన్యానికి కూడా అమ్మిన బియ్యం, నిల్వలో మిగిలిన బియ్యం కలిపి, ఆడించిన ధాన్యంతో భాగించండి. 67 దగ్గర ఉండవలసినది 71, 72 వస్తే ఆ అదనపు బియ్యం కాగితం మీదే ఉంది. నూకలు కలిపి లెక్కించారో విడిగా తీశారో ముందు అడగండి, లేకపోతే ఊరికే గొడవ అవుతుంది. తేమ సంగతి కూడా గుర్తుంచుకోండి. 17 శాతం తేమతో కొన్న ధాన్యం ఆరేకొద్దీ తూకం తగ్గుతుంది. నెలల తరబడి ఉన్న నిల్వను కొన్న తూకానికే లెక్కేస్తే అది తప్పకుండా ఎక్కువ చూపించినట్టే.

మూడోది కరెంటు. నెలవారీ యూనిట్లను ఆ నెల ఆడించామన్న టన్నులతో భాగించండి. ఒకే మిల్లులో, ఒకే రకం బియ్యానికి ఈ నిష్పత్తి నెలనెలా పెద్దగా మారదు. ఫిబ్రవరి, మార్చిలో మాత్రమే టన్నుకు యూనిట్లు సగానికి పడిపోతే, మర తిరగకుండానే బియ్యం వచ్చాయని పుస్తకం చెబుతోంది.

మన ఉదాహరణలో ఇవి మూడూ సరిపోయాయని అనుకుందాం. అంకె 106 దగ్గరే ఉంది.

6. యజమానుల చాకిరీకి వెల కట్టండి

భాగస్థులిద్దరూ తెల్లవారకముందే మిల్లుకొచ్చి ధాన్యం కొనుగోలు, లారీలు, కూలీల లెక్క అన్నీ చూసుకుంటున్నారు. జీతం రాసుకోలేదు. మీరు వాటా కొన్నాక వారిలో ఒకరు తప్పుకుంటే ఆ పనికి మేనేజరునూ కొనుగోలు చూసే మనిషినీ పెట్టుకోవాలి. ఏడాదికి 12 లక్షలు అవుతుందనుకుంటే 106 – 12 = 94.

దీనికి ఎదురు సంగతి కూడా చూడండి. భాగస్థులు ఒప్పందం ప్రకారం జీతం తీసుకుంటూ, అది పని విలువకన్నా చాలా ఎక్కువగా ఉంటే, ఎక్కువైన మేర తిరిగి కలపాలి. గోడౌను భాగస్థుడి కుటుంబానిదై అద్దె బయటి రేటుకన్నా తక్కువ ఉంటే ఆ తేడా కూడా తీయాలి.

అద్దె గురించి మరో మాట. స్టాక్ ఎక్స్ఛేంజీలో ఉన్న పెద్ద ఆహార కంపెనీల ఎబిటాతో ఈ మిల్లును పోల్చి రెట్లు తీసుకొస్తే పప్పులో కాలేసినట్టే. 2019 ఏప్రిల్ 1 నుంచి ఆ కంపెనీలకు ఇండ్ ఏఎస్ 116 అనే లెక్కల ప్రమాణం వర్తిస్తోంది. దాని ప్రకారం దీర్ఘకాలపు అద్దెల్లో చాలా భాగం తరుగుదల, వడ్డీ కింద మారిపోతుంది, ఎబిటా దానంతటదే పెరుగుతుంది. మన మిల్లులో అద్దె ఖర్చుగానే ఉంది. రెండూ ఒకే కొలత కావు.

7. యంత్రాల అరుగుదలకు మీ సొంత లెక్క రాసుకోండి

ఎబిటా మీద వచ్చిన విమర్శల్లో బరువైనది ఇదే. యంత్రాలు కొనే డబ్బు ఎవరు ఇస్తారని ఈ అంకె చూపించేవాళ్లు అనుకుంటున్నారో అని వారెన్ బఫెట్ 2000 సంవత్సరపు వాటాదారుల లేఖలో నిలదీశారు. తరుగుదల డబ్బు బయటికి వెళ్లని ఖర్చు అని చెబుతారు. ఈ ఏడాది వెళ్లదు, నిజమే. కొన్నప్పుడు మొత్తం ఒకేసారి వెళ్లింది, మళ్లీ కొనేటప్పుడు వెళ్తుంది.

పుస్తకంలోని 38 లక్షల తరుగుదలను అలాగే వాడకండి. అది పాత ధరల మీద పన్ను రేటుతో వేసినది. దాని బదులు యంత్రాల జాబితా పట్టుకుని ఇవాళ కొంటే ఎంత, ఎన్నేళ్లు ఆడుతుంది అని రాయండి. మెకానిక్కునూ, యంత్రాలు అమ్మే డీలరునూ అడగండి. మన మిల్లుకు ఇలా వచ్చిందనుకుందాం:

- సార్టెక్స్ 48 లక్షలు, 8 ఏళ్లు: ఏడాదికి 6
- బాయిలరు, డ్రయ్యర్లు 150 లక్షలు, 15 ఏళ్లు: ఏడాదికి 10
- మిగిలిన మర సామాను 120 లక్షలు, 12 ఏళ్లు: ఏడాదికి 10

ఏడాదికి 26 లక్షలు పక్కన పెడితేనే మిల్లు ఇప్పుడున్నట్టు ఉంటుంది. 94 – 26 = 68. వడ్డీకి, పన్నుకు, యజమానులకు నిజంగా మిగిలేది ఇది. బాయిలరు పధ్నాలుగో ఏట ఉంటే సగటు కూడా చాలదు. వచ్చే ఏడాదే పెట్టవలసిన సొమ్మును ధరలోంచి నేరుగా తీసేయాలి.

భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో ఈ తేడా ఇంకా పెద్దది. ఉప్పు నీళ్లలో రాత్రింబగళ్లు తిరిగే ఏరేటర్లు, మోటార్లు త్వరగా పోతాయి. అక్కడ ఎబిటా చెప్పి వాటా అమ్మితే మొట్టమొదట ఈ మెట్టే వేయండి.

8. డబ్బు నిజంగా ఎటు పోయిందో సీసీ ఖాతాతో సరిచూడండి

ఎబిటా బాగున్న మిల్లు కూడా ధాన్యం కొనడానికి డబ్బుకు ఇబ్బంది పడుతుంది. అమ్మిన బియ్యానికి డబ్బు రావాలి, పౌర సరఫరాల సంస్థ నుంచి మర కూలి రావాలి, గోడౌన్లో నిల్వ పెరగాలి. ఇవేవీ ఎబిటాలో కనపడవు.

ఏడాది మొదటి, చివరి బ్యాలెన్స్ షీట్లు పక్కపక్కన పెట్టండి. మన మిల్లులో నిల్వలు, రావలసిన బాకీలు 35 లక్షలు పెరిగాయి. మనం ఇవ్వవలసినవి 5 లక్షలు పెరిగాయి. అంటే 30 లక్షలు వ్యాపారంలో ఇరుక్కున్నాయి. ఇప్పుడు ఆ ఏడాది నిజంగా వచ్చిన, పోయిన డబ్బును వరసగా రాయండి. ఇక్కడ 94 కాదు, పుస్తకంలోని 120తో మొదలుపెట్టాలి, ఎందుకంటే మేనేజరు జీతం మనం ఊహించినది, నిజంగా చెల్లించలేదు.

- ఎబిటా 120, ఇతర ఆదాయం 22: మొత్తం 142
- ఆస్తుల్లో చేర్చిన విడిభాగాలు 14 పోగా: 128
- పన్ను 14 పోగా: 114
- బ్యాంకు వడ్డీ 46 పోగా: 68
- నిల్వల్లో, బాకీల్లో ఇరుక్కున్న 30 పోగా: 38
- టర్మ్ లోను వాయిదాలు 20 పోగా: 18
- భాగస్థులు ఇంటికి తీసుకెళ్లినది, పెట్టుబడి వడ్డీతో కలిపి 40 పోగా: 22 లక్షలు తక్కువ

చేతిలో నగదు మారలేదనుకుంటే, సీసీ బాకీ సరిగ్గా 22 లక్షలు పెరిగి ఉండాలి. బ్యాలెన్స్ షీటులో 310 నుంచి 332 అయింది. లెక్క కలిసింది, మీకు ఇచ్చిన అంకెలను నమ్మవచ్చు. కలవకపోతే చెప్పని అప్పు ఒకటి ఉంది, లేదా చూపని రాబడి ఉంది. వడ్డీ వ్యాపారి దగ్గర, బంధువుల దగ్గర తెచ్చిన చేబదుళ్లు సాధారణంగా ఇక్కడే దొరుకుతాయి.

కోటీ నలభై రెండు లక్షలు మిగులుతోందని చెప్పిన మిల్లులో, భాగస్థులు ఇంటికి తీసుకెళ్లిన డబ్బులో సగానికి పైగా బ్యాంకు అప్పే అని ఈ లెక్క చూపిస్తోంది.

9. రెట్లు కట్టాక అప్పు తీసేయండి

అన్నిటికన్నా ఖరీదైన తప్పు ఇది. ఎబిటాకు రెట్లు కడితే వచ్చేది అప్పుతో సహా మొత్తం వ్యాపారం విలువ. వడ్డీ తీయకముందు అంకెను తీసుకున్నారు కాబట్టి ఆ విలువలో బ్యాంకు వాటా కూడా ఉంది. యజమానుల వాటా రావాలంటే అప్పు తీసేయాలి.

మన మిల్లుకు సీసీ 332, టర్మ్ లోను 130, మొత్తం 462 లక్షలు. అమ్మేవారి అంకెతోనే చూసినా 142 × 5 = 710, అప్పు 462 పోగా 248. పావలా వాటాకు 62 లక్షలు. వారు అడిగిన 1.77 కోట్లు ఎక్కడ, ఇది ఎక్కడ? సరిచేసిన 94తో చూస్తే 470, అప్పు పోగా 8 లక్షలు. పావలా వాటాకు 2 లక్షలు.

బ్యాంకువారు చూసే నిష్పత్తి కూడా ఇదే కథ చెబుతుంది. అప్పును 142తో భాగిస్తే 3.25 రెట్లు, 94తో భాగిస్తే 4.9 రెట్లు.

ఈ మెట్టు దగ్గర అమ్మేవారు రెండు మాటలు అంటారు, రెండిట్లోనూ కొంత న్యాయం ఉంది. ఒకటి, సీసీకి ఎదురుగా గోడౌన్లో ధాన్యం ఉంది కదా అని. ఉంది. కానీ ఆ నిల్వ లేకుండా ఈ ఎబిటా రాదు, అది మిల్లు నడవడానికి ఎప్పుడూ ఉండవలసినదే. మామూలుగా ఉండేదానికన్నా ఎక్కువ నిల్వ ఉంటే ఆ ఎక్కువకు మాత్రం విలువ కట్టి కలపండి. అప్పును కూడా ఒక్క మార్చి 31 నాటి అంకెతో తేల్చకండి. సార్వా ధాన్యం దిగే డిసెంబరు, జనవరిలోనూ, దాళ్వా దిగే ఏప్రిల్, మేలోనూ సీసీ బాగా ఎక్కువ వాడతారు. మార్చి చివర అది ఏడాదిలో తక్కువగా ఉండే రోజుల్లో ఒకటి. పన్నెండు నెలల సగటు తీసుకోండి. సగటు 400 వస్తే యజమానులకు మిగిలేదేమీ ఉండదు.

రెండో మాట స్థలం గురించి. రోడ్డు పక్కన రెండెకరాల స్థలం విలువే కోట్లు ఉంటుంది, నిజమే. ఎబిటా రెట్లతో వచ్చిన విలువకన్నా స్థలం విలువే ఎక్కువైతే, మీరు కొంటున్నది మర కాదు, స్థలం. అప్పుడు ఈ లెక్క పక్కన పెట్టి రిజిస్ట్రేషన్ కాగితాలు, ఆ స్థలం సంస్థ పేరున ఉందా భాగస్థుడి సొంత పేరున ఉందా అన్నది చూడండి. సొంత పేరున ఉంటే మీ వాటాలోకి అది రాదు.

సంతకానికి ముందు

మీ డబ్బు ఎక్కడికి వెళ్తుందో రాయించుకోండి. తప్పుకునే భాగస్థుడి చేతికి వెళ్తే అప్పు అలాగే ఉంటుంది. సంస్థలోకి పెట్టుబడిగా వెళ్తే అప్పు అంతమేర తగ్గుతుంది, అప్పుడు తొమ్మిదో మెట్టు లెక్క మళ్లీ వేయాలి.

భాగస్వామ్య సంస్థలో భాగస్థుల బాధ్యతకు హద్దు లేదు. కొత్తగా చేరిన మీ సంతకాన్ని బ్యాంకు సీసీ పత్రాల మీద అడుగుతుంది. ఆ హామీ పత్రం మీద సంతకం పెడితే మీరు రాకముందు అప్పుకు కూడా మీ ఇల్లూ పొలమూ బాధ్యత పడతాయి. ఆ పత్రాలు వకీలుకు చూపించకుండా పెట్టకండి.

ఒప్పందంలో "ఎబిటా" అని ఒక్క మాట రాసి వదిలేయకండి. భారత లెక్కల ప్రమాణాల్లో దీనికి నిర్వచనం లేదు, ఎవరికి నచ్చినట్టు వారు కట్టుకోవచ్చు. ఏయే పద్దులు కలుపుతారో, ఏవి తీస్తారో లాభనష్టాల ఖాతాలోని పేర్లతోనే రాయండి: ఇతర ఆదాయం కలపకూడదు, ఏడాదిలోపు అరిగే విడిభాగాలు ఖర్చే, భాగస్థుల పనికి ఇంత జీతం. లాభం పెరిగితే ఇంకా ఇస్తామన్న షరతు ఉంటే ముగింపు నిల్వ ఇద్దరి మనుషులూ కలిసి బస్తాలు లెక్కపెట్టి, కొన్ని తూచి, తేమ చూసి సంతకాలు చేశాకే లెక్కలోకి వస్తుందని కూడా రాయించండి. గుట్టలు లెక్కపెట్టేటప్పుడు బయటి వరసలు చూసి ఎత్తుతో గుణించకండి. మధ్యలో ఖాళీ ఉంచి చుట్టూ పేర్చిన గుట్ట బయటికి నిండుగానే కనిపిస్తుంది, పైకెక్కి చూస్తేనే తెలుస్తుంది.